నల్లపూసల గొలుసు సన్నబడితే బాగు చేయించాలా, మార్చాలా?

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లవుతోంది. నల్లపూసల గొలుసు కొక్కెం దగ్గర సన్నబడింది. పూసలు మెరుపు పోయి మసకగా ఉన్నాయి. పుస్తెల అంచుల్లో ఎర్రటి మరక ఒకటి ఎంత కడిగినా పోవడం లేదు. షాపు వాళ్లు మార్చేసి కొత్తది తీసుకోమంటున్నారు. బాగు చేయిస్తే సరిపోతుందా? ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలి? ఒకవేళ మార్చాల్సి వస్తే ఏ డిజైన్ ఎక్కువ కాలం ఉంటుంది?

జవాబు:

కొక్కెం దగ్గర మాత్రమే సన్నబడితే మార్చనక్కర్లేదమ్మా. అక్కడి తీగ ముక్కలు మార్పిస్తే చాలు. ఎర్ర మరక బంగారంలో లోపం కాదు, దాని సంగతి కింద చెబుతాను. గొలుసు పొడవునా సన్నబడి ఉంటే మాత్రం బాగు చేయించడానికి పెట్టే డబ్బు దండగ. ఈ రెంటిలో మీది ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మాది బందరు, తాతల నాటి నుంచి బంగారప్పని చేసే ఇల్లు. కొత్త నగలకంటే పాత నగల మరమ్మతే నా చేతి మీదుగా ఎక్కువ పోతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బంగారం ఎందుకు అరుగుతుందో చూడండి. నల్లపూస అంటే మామూలుగా గాజు. 22 క్యారెట్ల బంగారం గాజు ముందు చాలా మెత్తన. దేనితో దేని మీద గీత పడుతుందో చెప్పే మోస్ లెక్కలో గాజు 5 దాటి ఉంటుంది, బంగారం 3 దగ్గర ఆగిపోతుంది. పూసకు వేసిన బెజ్జం అంచు పదునుగా ఉంటుంది. మీరు వంగినా, లేచినా, పడుకుని పక్కకు తిరిగినా ఆ అంచు తీగను కొద్దిగా గీరుతుంది. దానికి తోడు తీగ కొసన చుట్టిన వలయాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. ఆ సందుల్లో చేరిన చెమట, నూనె, దుమ్ము కలిసి సన్నటి ఇసుకలా పనిచేస్తాయి. పాత గొలుసును భూతద్దం కింద పెడితే వలయం పైభాగం నిండుగా, గుండ్రంగా కనిపిస్తుంది. పక్క వలయం ఆనే లోపలి వైపు మాత్రం చంద్రవంకలా తినేసి ఉంటుంది. పైనుంచి చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఒకరోజు చంటిబిడ్డ గుప్పెట్లో పట్టుకుని లాగితే తాడు పెరుగుతుంది. అందరూ బిడ్డను అంటారు గానీ తీగ అప్పటికే సగం పోయి ఉంటుంది.

డిజైన్ విషయంలో షాపులో చూపించే పేర్లు ఏడాదికోసారి మారతాయి, వాటిని పట్టించుకోకండి. ఎన్నాళ్లుంటుందనేది పూసలను దేనితో కలిపారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన నల్లపూసలు మూడు రకాలు.

మొదటిది దారానికి గుచ్చినవి. ఒంటి వరస, రెండు వరసలు, మధ్యమధ్యలో బంగారు గుండ్లు, పగడాలు, ముత్యాలు. పెళ్లిలో గుచ్చే నల్లపూసలు ఈ రకమే. ఇందులో బంగారం అరగదు, దారం అరుగుతుంది. దారం చవక కాబట్టి నా దృష్టిలో ఇదే తెలివైన పద్ధతి. నూలు దారం చెమటకు, పసుపుకు మెత్తబడి కుళ్లుతుంది. నైలాన్ దారం కొంత నయం. ఇప్పుడు ప్లాస్టిక్ తొడుగున్న సన్నటి స్టీలు తీగ వాడుతున్నారు, గేర్ వైర్ అంటారు, అది ఇంకా గట్టిది. దండను రెండు చేతులతో నిలువుగా పట్టుకుని చూడండి. పూసల మధ్య ఒక పూస పట్టేంత ఖాళీ కనిపిస్తే దారం సాగిందని అర్థం, వెంటనే మళ్లీ గుచ్చించాలి. ఖాళీ కనిపించకపోయినా రోజూ వేసుకునే దండకు ఏడాదికోసారి దారం మార్పించండి.

రెండోది తీగతో అల్లినవి. ప్రతి పూసలోంచీ చిన్న బంగారు తీగ పోతుంది, రెండు వైపులా వలయం చుట్టి పక్క పూసకు తగిలిస్తారు. మీరు రాసినదాన్ని బట్టి మీది ఇదే అనుకుంటున్నాను. చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది, ఒకచోట తెగినా పూసలన్నీ రాలిపోవు. కానీ నేను పైన చెప్పిన అరుగుదల పూర్తిగా దీనికే. ఇందులో తేడా అంతా తీగ లావులో ఉంటుంది. తక్కువ బరువులో పొడవాటి గొలుసు చూపించడానికి తీగను వెంట్రుకలా లాగుతారు. ముప్పై అంగుళాల గొలుసు పది గ్రాముల్లో వస్తుందంటే సంతోషించకండి, అది రోజూ వేసుకునే వస్తువు కాదు. ఫంక్షన్లకు దాచుకోవాలి.

మూడోది మామూలు బంగారు గొలుసే. మధ్యలో అక్కడక్కడా నాలుగైదు నల్లపూసలు కూర్చి ఉంటాయి. పూసలు తక్కువ కాబట్టి గీరుడూ తక్కువ. గొలుసు లోపల బోలుగా లేకుండా గట్టి తీగతో చేసినదైతే మూడింట్లో ఎక్కువ కాలం ఉండేది ఇదే. మార్చాల్సే వస్తే నేను దీన్నే తీసుకోమంటాను. కొన్ని షాపుల్లో పూసకు రెండు వైపులా చిన్న బంగారు టోపీలు పెడతారు. అవి అందానికే అనుకుంటారు గానీ బెజ్జం అంచు పక్క వలయానికి తగలకుండా ఆపుతాయి. టోపీలున్నవి దొరికితే అవే తీసుకోండి.

పూసల్లోనూ తేడాలున్నాయి. గాజు పూస రంగు పోదు, ఎందుకంటే నలుపు గాజులోనే ఉంది. బ్లాక్ స్పినెల్ అనే సహజమైన రాయిని పలకలుగా కోసి కూడా పూసలు చేస్తారు, చాలా మెరుస్తాయి. ఆ రాయి గాజుకంటే కూడా గట్టిది, మోస్ లెక్కలో 8. కాబట్టి సన్న తీగకు దాన్ని వేస్తే అరుగుదల ఇంకా ఎక్కువ. ఇక నలుపు రంగు పూత వేసిన పూసలున్నాయి. తెల్లటి దూదికి రెండు చుక్కల కొబ్బరినూనె రాసి గట్టిగా రుద్దండి. దూదికి నలుపు అంటితే అది మురికైనా అయ్యుండాలి, పూతైనా అయ్యుండాలి. కడిగి మళ్లీ రుద్దినా అంటుతుంటే పూతే. వాటిని ఎంత జాగ్రత్తగా చూసినా లాభం లేదు, మార్పించుకోవడమే.

మీ పూసలు మసకబారాయన్నారు. గాజు పూసలైతే నూటికి తొంభై పాళ్లు అది సబ్బు పొరే. స్నానం చేసేటప్పుడు సబ్బు, నూనె, ఉప్పునీళ్ల తెట్టు కలిసి పూస మీద పేరుకుంటాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది త్వరగా వస్తుంది.

ఎర్ర మరక సంగతి. శుక్రవారాలు, వరలక్ష్మీ వ్రతం రోజున పుస్తెలకు పసుపు రాస్తాం కదా. అది పుస్తె అంచుల్లో, గొట్టం మొదట్లో ఇరుక్కుంటుంది. పసుపుకు సున్నం కలిస్తే పారాణి ఎర్రగా ఎందుకు అవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. ఒంటి సబ్బులో ఉండే క్షారం తగిలి పసుపు ఎరుపెక్కుతుంది. బంగారంలో రాగి ఎక్కువ కలిపారేమోనని ఎంతోమంది టెన్షన్ పడుతూ నా దగ్గరికొచ్చారు. సబ్బుతో రుద్దినకొద్దీ ఎరుపు పోదు, పైగా ఇంకా ముదురుతుంది. మీకు పోకపోవడానికి కారణం అదే.

దానికి సబ్బు కాకుండా కుంకుడు రసం వాడండి. నాలుగు కుంకుడుకాయలు గింజ తీసి గోరువెచ్చటి నీళ్లలో నానేసి, పిసికి, గుడ్డతో వడకట్టండి. ఆ నీళ్లను వెడల్పాటి గిన్నెలో పోసి గొలుసును పది నిమిషాలు ఉంచండి. పసిపిల్లల మెత్తటి బ్రష్‌తో పుస్తె అంచులను, కొక్కేన్ని, వలయాల సందులను రుద్దండి. గొలుసును గుంజకుండా అరచేతిలో పరిచి రుద్దాలి. తర్వాత రెండుసార్లు మంచినీళ్లలో ముంచి తీయండి. సింకు మీద కుళాయి కింద మాత్రం వద్దు, ఊడిన పూస గొట్టంలోకి పోతే మళ్లీ దొరకదు. నూలు గుడ్డ మీద పరిచి నీడన ఆరబెట్టండి. దారానికి గుచ్చినదైతే దారం లోపల కూడా ఆరేదాకా, అంటే రాత్రంతా వదిలేయడం మంచిది. నెలకోసారి ఇది చేస్తే షాపు పాలిష్ అవసరమే రాదు.

పగడాలు, ముత్యాలు ఉంటే మరికాస్త జాగ్రత్త కావాలి. అవి పులుపుకు తట్టుకోలేవు. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ తగిలితే పైపొర కరుగుతుంది, ముత్యం సున్నం ముద్దలా తెల్లబోతుంది. వాటిని ఏ నీళ్లలోనూ నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సెంటు, హెయిర్ స్ప్రే కొట్టుకున్నాక ఆరనిచ్చి ఆ తర్వాతే గొలుసు వేసుకోండి. బంగారు గుండ్లలో కొన్ని బోలుగా ఉండి లోపల లక్క నింపి ఉంటాయి. వేడినీళ్లలో వేస్తే లక్క కరిగి బెజ్జాల్లోంచి బయటికొస్తుంది, గుండు సొట్టలు పోతుంది. మరిగే నీళ్లలో సర్ఫు వేసి నగలు ఉడకబెట్టే అలవాటుంటే ఈ ఒక్క కారణానికే మానేయండి. టూత్‌పేస్టులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. తోమిన రోజు మెరుస్తుంది గానీ పైన కంటికి కనపడని గీతలు పడి, తర్వాత ఇంకా త్వరగా మసకబారుతుంది.

వీధిలో మెరుగు పెడతామంటూ వచ్చేవాళ్లకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. వాళ్ల గిన్నెలో ఉండేది బంగారాన్ని కరిగించే యాసిడ్. నగ తళతళలాడుతూ తిరిగొస్తుంది, గ్రాములు మాత్రం వాళ్ల గిన్నెలో ఉండిపోతాయి. మా వీధిలోనే ఒక ఆవిడ గొలుసు ఇలా ఇచ్చి, నా దగ్గరికొచ్చి తూకం వేస్తే నాలుగో వంతు లేదు.

ఇక అసలు పరీక్ష. గొలుసును బల్ల మీద తెల్ల కాగితం పరిచి, లాగకుండా తిన్నగా పెట్టండి. టేపుతో పొడవు కొలవండి. కొన్ననాటి బిల్లులో 24 అంగుళాలని ఉంటే, ఇప్పుడు 24కు ఏ పావో ఎక్కువ ఉండొచ్చు, పర్వాలేదు. ముప్పావు, అంగుళం పెరిగిందంటే గొలుసు పొడవునా వలయాలు లోపల అరిగి, ఆ మేరకు ఒక్కోటీ సాగిందన్నమాట. పొడవు పెరగకుండా ఒక్కచోటే సన్నగా ఉంటే అది అక్కడి సమస్య మాత్రమే. తర్వాత ఫోన్ కెమెరాను బాగా దగ్గరగా పెట్టి వలయాలను ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. అరిగినచోటి తీగ, అరగనిచోటి తీగలో సగంకంటే సన్నగా ఉంటే దాన్ని మార్చాలి. సగం పైనే ఉంటే ఇంకో ఏడాది చూడొచ్చు. కొక్కెం దగ్గర, పుస్తెలు వేలాడేచోట తప్పక చూడండి. మెడ వెనక జుట్టు, చెమట, తిప్పడం వల్ల అరుగుతుంది. ముందువైపు బరువు వల్ల అరుగుతుంది. పక్కలు ఎప్పుడూ బాగానే ఉంటాయి.

పుస్తెల గొట్టాలు కూడా చూసుకోండి. గొలుసు దూరే గొట్టం పైభాగంలో గాడి పడుతుంది. గోరు పెట్టి లాగితే తగులుతుంది. ఇక్కడ మా ఊరివాడిగా ఒక మాట చెప్పాలి. మా బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గొలుసులు ఎంతో పేరున్నవి, ప్రయాణాల్లో భయం లేకుండా వేసుకోవచ్చు. కానీ వాటిలో అసలు బంగారు పుస్తెలు వేసుకుంటే గొట్టాలు త్వరగా తెగుతాయి. లోపలున్న లోహం 22 క్యారెట్ల బంగారంకంటే గట్టిది కాబట్టి గొట్టాన్ని కోసేస్తుంది. అలా వేసుకునేటప్పుడు పుస్తెలను పసుపుతాడుకో, పట్టుదారానికో కట్టి విడిగా ఉంచుకోండి.

మరమ్మతు ఎలా జరుగుతుందో తెలిస్తే మోసపోరు. అరిగిన వలయం మీదే టంకం పోసి మందం చేయడం చవక పద్ధతి. వెలిగారం రాసి, టంకం ముక్క పెట్టి, మంట ఊదుతారు. వేడికి పక్కనున్న గాజు పూస చిట్లుతుంది, పగడం మాడుతుంది. అందుకే చేతనైనవాడు ముందు ఆ చుట్టుపక్కల పూసలు విప్పుతాడు. పూసలు విప్పకుండా ఐదు నిమిషాల్లో అతికిస్తానంటే వద్దనండి. లేజర్ మిషన్ ఉన్నచోట మాత్రం వేడి సూదిమొనంత చోటుకే తగులుతుంది కాబట్టి విప్పనక్కర్లేదు. టంకంలో బంగారం పాలు గొలుసులోకంటే తక్కువగా ఉండొచ్చు. అలా పదిచోట్ల టంకం పోయిస్తే అతుకులు నల్లబడతాయి, రేపు అమ్మేటప్పుడు కోత పడుతుంది. అరిగిన ముక్క తీసేసి, అదే క్యారెట్ల కొత్త తీగతో వలయం చుట్టడమే సరైన పని.

ఒక లెక్క చూపిస్తాను. ఈమధ్య మీలాంటి గొలుసే ఒకటి వచ్చింది. పదేళ్ల నాటి బిల్లులో మొత్తం బరువు 28.400 గ్రాములు, అందులో పూసలు, పగడాలు 4.100, నికర బంగారం 24.300. ఇప్పుడు పూసలన్నీ ఉండి మొత్తం 27.650 తూగింది. అంటే పదేళ్లలో 0.750 గ్రాము బంగారం అరిగింది. పొడవు దాదాపు పెరగలేదు. తినేసిన వలయాలన్నీ కొక్కేనికి అటూ ఇటూ, పుస్తెల పక్కన ఉన్నాయి. వాళ్లకూ షాపులో మార్చమనే చెప్పారు. మారిస్తే చేతిలో ఉన్న 23.550 గ్రాముల్లో రెండు శాతం కోత పోను 23 గ్రాముల చిల్లరకు విలువ కడతారు. 24 గ్రాముల కొత్త గొలుసుకు 12 శాతం తరుగు కలిపితే దాదాపు 27 గ్రాముల ఖరీదు కట్టాలి, దాని మీద 3 శాతం జీఎస్టీ. మొత్తం నాలుగున్నర గ్రాముల డబ్బు చేతినుంచి పోతుంది, ఒంటి మీద పెరిగే బంగారం అర గ్రాము కూడా ఉండదు. మేము అరిగిన తీగలు, కొక్కెం మార్చాం. పాత ముక్కలు వాళ్ల చేతికే ఇచ్చి, కొత్తగా పడిన గ్రాము పైచిలుకు బంగారానికి, కూలికి తీసుకున్నాం. పుస్తెల పక్కన గాజు పూసల బదులు చిన్న బంగారు గుండ్లు వేయమన్నాను. బరువు పడే ఆ చోట ఇక గీరుడు ఉండదు.

అదే గొలుసు అంగుళం సాగి ఉంటే నేనే మార్చమని చెప్పేవాణ్ని. నాలుగు వలయాలు మార్చగానే వాటి పక్కవి తెగడం మొదలవుతుంది, ఆర్నెల్లకోసారి నా కొట్టు చుట్టూ తిరగాలి.

ఇచ్చేటప్పుడు మీ ఎదుటే తూకం వేయించి, పూసలు ఎన్నో లెక్కపెట్టి, రెండూ చీటీ మీద రాయించుకోండి. తీసుకునేటప్పుడు మళ్లీ తూకం. తీసేసిన ముక్కలు అడిగి తీసుకోండి, లేదా వాటి బరువు కూలిలో తగ్గించమనండి. మెడలో పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు వేసుకుని రండి, అందరూ చేసేదే. మంగళ, శుక్రవారాలు వద్దనుకుంటే బుధవారం పొద్దున్నే ఇస్తే సాయంత్రానికి అయిపోయే పని ఇది.

కొత్తది కొనే పక్షంలో గొలుసు మీద హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి కొట్లోనే సరిచూసుకోండి. రెండు గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది కాబట్టి విడి పుస్తెల మీద ముద్ర లేకపోతే కంగారుపడకండి. వాటిని మాత్రం క్యారెట్ మీటర్ మీద పెట్టి చూపించమనండి. బిల్లులో పూసల బరువు, బంగారం బరువు విడివిడిగా రాయించుకోండి. కలిపి ఒకే బరువు రాసిచ్చారంటే గాజుకు బంగారం ధర కట్టినట్టే.